రివ్యూయర్లకు జవాబులు తిరగరాయడానికి నాలుగు గళ్ల పట్టిక: మూడేళ్లు వాడాక

తిరుపతిలో యూనివర్సిటీలకూ పరిశోధనా కేంద్రాలకూ కొదవ లేదు. కాబట్టి "జర్నల్ నుంచి రివిజన్ వచ్చింది, జవాబులు రాసుకున్నాం, కాస్త మర్యాదగా చేసిపెట్టండి" అంటూ ఫైళ్లు వస్తూనే ఉంటాయి. వాటిని సరిచేయడానికి మేం మూడేళ్లుగా వాడుతున్నది వర్డ్‌లో అడ్డం పేజీ మీద వేసుకునే నాలుగు గళ్ల పట్టిక. మొదటి గడిలో రివ్యూయర్ వ్యాఖ్య, ఒక్క అక్షరం మార్చకుండా. రెండో గడిలో స్కాలర్ మనసులో మాట, తెలుగులోనైనా సరే. మూడో గడిలో ఎడిటర్‌కు వెళ్లే జవాబు. నాలుగో గడిలో పేపర్లో ఏం మారింది, ఎక్కడ మారింది.

రెండో గడి దండగ అని మొదట్లో అనిపిస్తుంది. అసలు పని జరిగేది అక్కడే. స్కాలర్‌ను నేరుగా మర్యాదగా రాయమంటే ప్రతి జవాబూ "విలువైన సూచనకు ధన్యవాదాలు, సవరించాము" అని ముగుస్తుంది. అందులో విషయం ఉండదు. మనసులో మాట రాయమంటే మాత్రం కోపంతోపాటు కారణమూ బయటికొస్తుంది. తిరగరాసేవాళ్లకు కావలసింది ఆ కారణమే.

ఒక కేసు చూద్దాం. ఇది ఎవరి ఫైలూ కాదు, తరచుగా వచ్చే పోలికలతో కూర్చింది. వర్షాధార చెనక్కాయలో ఆరు రకాలను బెట్టకు పరీక్షించారు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్, మూడు రెప్లికేషన్లు, అంటే 18 మడులు. ఒక్కో మడిలో 10 మొక్కలు కొలిచారు. రెండో రివ్యూయర్ అడిగింది: "రెండో బొమ్మ కింద n = 30 అని ఉంది. మెథడ్స్‌లో మూడు రెప్లికేషన్లు అన్నారు. ఏది నిజం?"

స్కాలర్ రెండో గడిలో రాసింది: "మూడు రెప్లికేషన్లని ఏడో పేజీలో రాసేసిండాం గదా సార్, ఆయన సరిగ్గా చూసినట్టు లేదు. మూడు పదులు ముప్పై, అంతే."

దీనికి మర్యాద పూత పూసి "ఏడో పేజీలో ఇప్పటికే వివరించాము" అని పంపడం చాలా తేలిక. ఎక్కువమంది చేసే తప్పు కూడా ఇదే. రివ్యూయర్ పట్టుకున్నది అసలైన లోపం. రకాన్ని కేటాయించింది మడికి, మొక్కకు కాదు. ఒకే మడిలోని పది మొక్కలకు నేల ఒకటే, తడి ఒకటే. అవి పది వేరువేరు సాక్ష్యాలు కావు. కాబట్టి ఒక్కో రకానికి n అంటే 3. మడి సగటులతో లెక్క వేస్తే ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (6−1)×(3−1) = 10. మొక్కలన్నిటినీ విడివిడిగా లెక్కిస్తే మొత్తం 180, ఎర్రర్ వాటా 172కు పోతుంది. ఆ లెక్కతో లేని తేడాలు కూడా ఉన్నట్టు కనిపించే ప్రమాదముంది. అందుకే మూడో గడి ముట్టుకునేముందు మేం ఒకే ప్రశ్న అడుగుతాం: "అనోవాకు ఇచ్చిన ఫైల్లో వరసలు 18 ఉన్నాయా, 180 ఉన్నాయా?" 18 ఉంటే బొమ్మ కింది మాట ఒక్కటే తప్పు. 180 ఉంటే లెక్క మళ్లీ వేయాలి. అప్పటిదాకా ఆ జవాబును ఎంత మర్యాదగా రాసినా అది అబద్ధమే.

వరసలు 180 ఉన్నాయనుకుందాం. ఇంగ్లీషులో వెళ్లే జవాబు సారం ఇలా ఉంటుంది: "ఈ తేడాను గుర్తించినందుకు రివ్యూయర్‌కు కృతజ్ఞతలు. ప్రయోగంలో యూనిట్ మడి, కాబట్టి n = 3. మొదటి ప్రతిలో మొక్కలను విడివిడిగా లెక్కించడం మా పొరపాటు. ఇప్పుడు ఒక్కో మడిలోని పది మొక్కల సగటు తీసుకొని విశ్లేషణ మళ్లీ చేశాము. కాయ దిగుబడిలో తేడా నిలిచింది. ఆకు నీటిశాతంలో తేడా నిలవలేదు, ఆ వాక్యాన్ని ఫలితాల నుంచీ అబ్‌స్ట్రాక్ట్ నుంచీ తీసేశాము." దీని కిందే మారిన వాక్యాలు, లైను నంబర్లు. కృతజ్ఞత ఒక్క వాక్యం చాలు. పొరపాటును ఒకసారి ఒప్పుకోవాలి, మూడుసార్లు క్షమాపణ చెప్పనక్కర్లేదు. నిలవని ఫలితాన్ని దాచకుండా చెప్పడం వల్ల మిగతా జవాబుల మీద ఎడిటర్‌కు నమ్మకం కుదురుతుంది. అయితే అబ్‌స్ట్రాక్ట్‌లో సవరించడం మరిచిపోతే ఆ నమ్మకం అక్కడికక్కడే పోతుంది. మా చేతికొచ్చే ఫైళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయే చోటు అబ్‌స్ట్రాక్టే.

ఇక రివ్యూయర్ అడిగిన ప్రయోగం చేయలేని సందర్భం. రెండు ఖరీఫ్‌లలో చేసిన ఇంకో పేపర్ మీద "మూడో ఖరీఫ్ డేటా కావాలి" అన్నారనుకోండి. రెండో గడిలో "ఇంకో సీజను ఎక్కడ చేసేది సార్, ప్రాజెక్టు దుడ్లు అయిపోయె" అని ఉంటుంది. నిజమే, కానీ ఎడిటర్ తూకం వేసేది మన దగ్గరున్న డబ్బును కాదు, పేపర్లో అన్న మాట ఉన్న డేటా మీద నిలుస్తుందా లేదా అన్నదాన్ని. కాబట్టి చేయలేమన్నప్పుడల్లా పేపర్లో మాట తగ్గాలి. "ఈ రకం బెట్టను తట్టుకుంటుంది" అన్నది "ఈ ఎర్ర ఇసుక నేలలో, ఈ రెండు సీజన్లలో తట్టుకుంది" అవుతుంది. చర్చ చివర పరిమితుల పేరా ఒకటి చేరుతుంది. జవాబులో ఆ రెండు మార్పులూ చూపించి, మూడో సీజను ఎందుకు అవసరమో రివ్యూయర్‌తో ఏకీభవిస్తూ ఒక వాక్యం రాస్తాం. నాలుగో గడి ఖాళీగా ఉన్న "లేదు" ఏదైనా సరే, మేం బయటికి పంపం.

పట్టికతో ఇబ్బందులూ ఉన్నాయి. దాన్ని ఉన్నదున్నట్టు జర్నల్‌కు పంపకూడదు. సన్నటి గళ్లలో సమీకరణాలు విరుగుతాయి, పీడీఎఫ్‌లో వరసలు పేజీల మధ్య తెగిపోతాయి. వ్యాఖ్య, దాని కింద జవాబు, దాని కింద మార్పు అని మామూలు పేరాలుగా దించుకోవాలి. కొన్ని జర్నళ్లు జవాబులను సాదా టెక్స్ట్ పెట్టెలో పెట్టమంటాయి. అక్కడ రంగులూ ఇటాలిక్‌లూ ఎగిరిపోతాయి. వ్యాఖ్య నీలంలో, జవాబు నలుపులో ఉంది కదా అని ఊరుకుంటే ఎవరి మాట ఏదో తెలియదు. అందుకే ప్రతిదానికీ "రివ్యూయర్ 2, వ్యాఖ్య 3", "జవాబు" అని పేరు పెట్టి తీరాలి. ఒకే పేరాలో రివ్యూయర్ మూడు ప్రశ్నలు అడిగితే దాన్ని 3ఎ, 3బి, 3సి అని విడగొడతాం. లేకపోతే మధ్య ప్రశ్న మరుగున పడిపోతుంది.

లైను నంబర్లు అన్నిటికన్నా చివర వేయాలి. వర్డ్‌లో `All Markup` చూపులో కొట్టేసిన పదాలు కూడా లైన్లు ఆక్రమిస్తాయి కాబట్టి మార్పులు కనబడే ప్రతికీ శుభ్రమైన ప్రతికీ నంబర్లు కలవవు. ఏ ప్రతి నంబర్లు ఇస్తున్నారో ఉత్తరం మొదట్లోనే చెప్పాలి. లేటెక్‌లో రాసేవాళ్లు మార్పుల ప్రతిని ఇలా తీసుకోవచ్చు:

```
latexdiff old.tex new.tex > diff.tex
```

చివరి జాగ్రత్త రెండో గడి గురించే. "ఆయన సరిగ్గా చూసినట్టు లేదు" అన్న మాట ఎడిటర్ కంట పడకూడదు. ఆ నిలువు గడిని చెరిపి అదే ఫైలు పంపితే చాలదు. ట్రాక్ ఛేంజెస్ నడుస్తూ ఉంటే చెరిపినదీ ఫైల్లోనే ఉంటుంది, పక్కన పెట్టుకున్న కామెంట్లూ ఉంటాయి. ఒకటో, మూడో, నాలుగో గళ్లను కొత్త ఫైల్లోకి సాదా టెక్స్ట్‌గా అతికించి, ఆ ఫైలు మీద `Inspect Document` నడిపి, పీడీఎఫ్ చేసి, వేరే కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూశాకే అప్‌లోడ్ చేస్తాం.