చిన్న ఓటీజీలో కేకు మాడకుండా: కొన్నేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

ఈ ఓటీజీ కొన్నేళ్లుగా మా వంటింట్లో ఉంది. 19 లీటర్లది, 1300 వాట్లు, పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు. లోపల ఫ్యాన్ లేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయేవి ఆ ఒక్క కంపెనీకి సంబంధించినవి కావు. ఈ సైజులో ఫ్యాన్ లేని ఓటీజీ ఏది కొన్నా ఇంచుమించు ఇవే ఎదురవుతాయి.

కొత్తగా కొన్నవాళ్లందరూ అడిగేది ఒకటే. "పుస్తకంలో 180 డిగ్రీలు, 50 నిమిషాలు అని ఉంది, అలాగే పెట్టాను. పైన నల్లగా మాడింది, లోపల పిండి పిండిగా ఉంది. ఓవెన్ పాడైందా?" మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆంటీ కూడా ఇదే అడిగారు. ఓవెన్ పాడవలేదు ఆంటీ, కేకు రాడ్లకి మరీ దగ్గరగా ఉంది అన్నాను. పెద్ద ఓవెన్‌లో కేకుని ఎక్కువగా ఉడికించేది చుట్టూ ఉన్న వేడి గాలి. చిన్న ఓటీజీలో ఆ గాలితో పాటు, ఎర్రగా కాలిన రాడ్డు నుంచి వేడి నేరుగా కేకు మీద పడుతుంది. నాబ్ మీది డిగ్రీల అంకె ఈ రెండో వేడి గురించి ఏమీ చెప్పదు. రాడ్డుకీ కేకుకీ మధ్య దూరం తగ్గేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది. ఉష్ణోగ్రత, టైము, రాక్, ఫాయిల్, తిప్పడం, అన్ని సర్దుబాట్లూ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ముందు నాబ్ సంగతి. మా ఓటీజీలో నాబ్ 180 దగ్గర పెడితే, లోపల వేలాడదీసిన థర్మామీటర్ 200 చూపిస్తుంది. అది కూడా ఒక అంకె దగ్గర నిలబడదు. రాడ్లు వెలిగినప్పుడు పైకి వెళ్తుంది, ఆరినప్పుడు కిందికి దిగుతుంది. థర్మోస్టాట్ పని చేసే తీరే అది, లోపం కాదు. కాబట్టి ఓవెన్ థర్మామీటర్ కొన్నవాళ్లు ఒక్కసారి చూసి వదిలెయ్యకండి. రాక్ మధ్యలో పెట్టి, రాడ్లు రెండు మూడు సార్లు వెలిగి ఆరేదాకా గమనించి, పై అంకెకీ కింది అంకెకీ మధ్యది తీసుకోండి. థర్మామీటర్‌ని రాడ్డుకి దగ్గరగా పెడితే అది కూడా నేరుగా వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. నా లెక్క ఇది: పుస్తకం 180 అంటే నాకు లోపల 165 నుంచి 170 చాలు, దానికోసం నాబ్ 150 దగ్గర పెడతాను. మీ నాబ్ ఇంకో రకంగా తప్పు చెప్పొచ్చు, నా 150ని కాపీ కొట్టకండి.

ఇక నిజంగా పనికొచ్చే ఉదాహరణ, అరటిపండు కేకు. మెత్తబడిన అరటిపళ్లు మూడు, మైదా 180 గ్రాములు, పంచదార 120 గ్రాములు, గుడ్లు రెండు, నూనె 90 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు. 8 అంగుళాల పొడుగు, 4 అంగుళాల వెడల్పు ఉన్న లోఫ్ టిన్. చిన్న ఓటీజీకి పెద్ద పరీక్ష ఈ లోఫ్ టిన్నే. టిన్ లోతుగా ఉంటుంది, పిండి తడిగా ఉంటుంది, మధ్యదాకా వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా పైభాగం పొంగుతూ రాడ్ల వైపు వెళ్తుంటుంది.

టేపు పెట్టి కొలిస్తే మా ఓటీజీలో పై రాడ్లకీ కింది రాడ్లకీ మధ్య దాదాపు 17 సెంటీమీటర్లు ఉంది. రాక్ మధ్య గాడిలో పెడితే పొంగిన కేకు నెత్తికీ పై రాడ్డుకీ మధ్య మిగిలేది రెండు సెంటీమీటర్లు. అదే కింది గాడిలో అయితే ఐదు. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకంలో కేకులకి మధ్య గాడి అని రాసి ఉంటుంది. అది పల్చటి కేకు టిన్‌కి సరిపోతుందేమో గానీ లోఫ్‌కి కాదు. మీరు చూడాల్సింది గాడి నంబరు కాదు, పొంగిన తర్వాత కేకు ఎక్కడిదాకా వస్తుందన్నది. ఖాళీ టిన్ని రాక్ మీద పెట్టి, దాని అంచు పైన ఇంకో రెండు సెంటీమీటర్లు ఊహించుకుంటే తెలిసిపోతుంది. మరీ కిందికి దించితే అడుగు మాడుతుంది కదా అంటారా? నిజమే, నల్ల టిన్ అయితే తొందరగా మాడుతుంది. దానికి నేను టిన్‌ని ఇంకో పల్చటి అల్యూమినియం ట్రేలో నిలబెడతాను. కింది రాడ్ల వేడి ముందు ట్రేకి తగిలి, తర్వాత టిన్‌కి చేరుతుంది. ట్రే మాత్రం రాక్ మొత్తాన్ని కప్పేసేంత పెద్దది కాకూడదు, చుట్టూ గాలి తిరగడానికి రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

ప్రీహీట్ పావుగంట. లోపల పెట్టే క్షణం కూడా ముఖ్యమే. రాడ్లు ఎర్రగా ఉండగా పెట్టను, అవి ఆరేదాకా ఆగుతాను. తలుపు తియ్యగానే ఇంత చిన్న డబ్బాలోంచి వేడి బుస్సున బయటికి పోతుంది, మూసిన వెంటనే థర్మోస్టాట్ రాడ్లని పూర్తిగా వెలిగిస్తుంది. అంటే ఎన్నిసార్లు తలుపు తీస్తే అన్నిసార్లు పైభాగానికి అదనంగా ఓ కాల్పు. "మాడుతోందేమో చూద్దాం" అని మాటిమాటికీ తెరిచేవాళ్ల కేకే ముందు మాడేది అందుకే. లైటు లేకపోతే మొబైల్ టార్చి వేసి అద్దంలోంచి చూడండి.

మొదటి 35 నిమిషాలు నేను తలుపు ముట్టుకోను. అప్పటికి పైన గోధుమ రంగు వచ్చి, పొడుగునా ఒక చీలిక పడుతుంది. ఆ చీలికని జాగ్రత్తగా చూడాలి. దాని లోపల తడిగా మెరుస్తుంటే ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఆగుతాను. మెరుపు పోయి పొడిగా కనబడితే కేకు ఆకారం నిలబడినట్టే. అప్పుడు ఒక్కసారి తలుపు తీసి రెండు పనులూ చేసేస్తాను: టిన్‌ని ముందుభాగం వెనక్కి వచ్చేలా తిప్పడం, పైన ఫాయిల్ కప్పడం. ఫాయిల్ ముక్కని ముందే కత్తిరించి, మధ్యలో మడత పెట్టి, ఇంటి కప్పులా వంచి సిద్ధంగా ఉంచుకుంటాను. మొత్తం పని పది పదిహేను సెకన్లలో అయిపోవాలి.

ఫాయిల్ మెరిసే వైపు పైకా కిందికా అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. వంటలో తేడా ఏమీ ఉండదు, ఎటు పెట్టినా ఒకటే. పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఫాయిల్ కేకుకి అంటుకోకూడదు, అంటుకుంటే పై పొర ఊడొస్తుంది. టిన్ చుట్టూ బిగించి మూయకూడదు, ఆవిరి బయటికి పోక పైభాగం చెమ్మగా, జిగురుగా తయారవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రాడ్డుకి ఎక్కడా తగలకూడదు. కప్పు శిఖరం రాడ్డుకి దగ్గరగా వస్తుంటే మడత తగ్గించి పల్లంగా చేసుకోండి. ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే ఫాయిల్ ఎగిరి రాడ్డు మీద పడొచ్చు, కాబట్టి రెండు చివరలు టిన్ అంచుకి కొంచెం నొక్కి పెట్టండి. శుభ్రం చేసే పని తప్పుతుందని కింద ముక్కలు రాలే ట్రేకి ఫాయిల్ పరిచేవాళ్లున్నారు. అది వద్దు, కింది రాడ్ల వేడి తిరిగి పైకి కొట్టి లెక్కంతా మారిపోతుంది, ఓవెన్‌కీ మంచిది కాదు.

ఫాయిల్ బదులు పై రాడ్లు ఆపేసి కింది రాడ్లు మాత్రమే పెడితే పోదా అని అడుగుతారు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. రెండు రాడ్లతోనే అదే వేడి నిలబెట్టాలి కాబట్టి అవి మామూలు కంటే ఎక్కువసేపు వెలిగే ఉంటాయి, అడుగు గట్టి అట్టలా అవుతుంది. ఆఖరి ఐదు నిమిషాలకైతే పరవాలేదు.

తిప్పడం ఎందుకంటే, తలుపు అద్దం వైపు నుంచి వేడి బయటికి పోతూనే ఉంటుంది, వెనక గోడ వైపు ఎక్కువ కాలుతుంది. మీ ఓటీజీలో ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలుసుకోవాలంటే రాక్ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి కొన్ని నిమిషాలు కాల్చి చూడండి. మాకు వెనక కుడి మూల ముక్క ముందు నల్లబడింది. తిప్పకుండా వదిలేసిన కేకు ఆ వైపు గట్టిపడిపోయి, రెండో వైపు పొంగి, ఒక పక్కకి ఒరిగినట్టు వస్తుంది. అలాగని తొందరపడి 15వ నిమిషంలో తిప్పితే మధ్యలో ఇంకా జారుగా ఉన్న పిండి కుదుపుకి కూలిపోయి గుంట పడుతుంది. బిస్కెట్లకి ఈ భయం లేదు, వాటిని సగం టైము అవ్వగానే తిప్పెయ్యొచ్చు. రెండో ట్రే బిస్కెట్లు మొదటిదానికంటే ఒకటి రెండు నిమిషాలు ముందే అవుతాయి, గోడలు అప్పటికే బాగా కాగి ఉంటాయి కాబట్టి.

అరటిపండు కేకు మొత్తం 55 నుంచి 60 నిమిషాలకి అవుతుంది. 55 దగ్గర టూత్‌పిక్ గుచ్చుతాను, చీలికలో కాదు, దాని పక్కన. తడి పిండి అంటకుండా ఒకటి రెండు పొడి ముక్కలతో వస్తే చాలు. పుస్తకం చెప్పిన దానికంటే వేడి తక్కువ, టైము కొంచెం ఎక్కువ.

విశాఖలో ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఎండాకాలం సాయంత్రాలు అందరి ఏసీలూ నడిచే వేళ మా వైపు వోల్టేజీ పడిపోతుంది. 230 వోల్టులు ఉండాల్సిన చోట 200 వస్తే, వేడి 13 శాతం కాదు, దాదాపు పావు వంతు తగ్గుతుంది. 1300 వాట్ల ఓటీజీ 980 వాట్లకి పడిపోతుందన్నమాట. ప్రీహీట్ పావుగంట కాస్తా పాతిక నిమిషాలైనా అవ్వొచ్చు. అలాంటప్పుడు గడియారాన్ని నమ్మకుండా థర్మామీటర్ చూసి లోపల పెట్టండి, లేదా మధ్యాహ్నమే చేసుకోండి. రెండోది ఉప్పుగాలి. మేముండేది ఎంవీపీ కాలనీలో, సముద్రం దగ్గరే. రాక్ తడిగా వదిలేస్తే ఇట్టే తుప్పు పడుతుంది. కడిగిన రాక్‌ని, ట్రేని ఇంకా కొంచెం వేడిగా ఉన్న ఓవెన్‌లోనే పెట్టి ఆరనిస్తాను. మా ముక్కల ట్రే అంచులు మాత్రం ఎంత చూసుకున్నా తుప్పు పట్టాయి, ఆ రేకు నాణ్యత అంతంతమాత్రమే.

ఇంకో ఫిర్యాదు టైమర్ మీద. తిప్పే స్ప్రింగు టైమర్ చివరి పది నిమిషాలు ఒక్కోసారి ఆగి ఆగి నడుస్తుంది. ఇప్పుడు దాన్ని ఎప్పుడూ వెలిగి ఉండే గుర్తు మీద పెట్టి, ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాను. అలా పెట్టుకుంటే ఓవెన్ దానంతటది ఆగదు, గుర్తుంచుకుని ఆపాల్సిందే.

రెండు ట్రేలు ఒకేసారి పెట్టాలనుకునేవాళ్లకి ఈ సైజు పనికిరాదు. పై ట్రేకి కింది రాడ్ల వేడి తగలదు, కింది ట్రేకి పై రాడ్ల వేడి తగలదు, రెండూ సగం సగం అవుతాయి. కిలో కేకు కూడా ఇందులో కష్టమే. నలుగురున్న ఇంటికి ఆదివారం ఒక లోఫ్, ఒక ట్రే బిస్కెట్లు, అప్పుడప్పుడు హార్బర్ నుంచి తెచ్చిన వంజరం ముక్కలు నాలుగు కాల్చుకోవడానికైతే హాయిగా సరిపోతుంది. అంతకంటే పెద్ద పని ఉంటే 30 లీటర్ల పైన, ఫ్యాన్ ఉన్నది చూసుకోండి.