పని అయ్యాక బిల్లా, సగం అడ్వాన్సా, విడతల వారీగానా: ఏది మేలు?

చేసిన పనికి డబ్బులు అడగాలంటే మొహమాటం మనకే ఉంటుంది, ఇవ్వాల్సిన వాళ్లకి ఉండదు. విజయవాడలో ఉంటూ షోరూములకీ కోచింగ్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేస్తుంటాను కాబట్టి ఈ మూడు పద్ధతులూ నా మీదే ప్రయోగించుకుని చూశాను. పోల్చడానికి వీలుగా 80,000 రూపాయల వెబ్‌సైట్ ఒకటి అనుకుందాం.

పని మొత్తం చేసేసి చివర్లో బిల్లు పంపడం మొదటి పద్ధతి. క్లయింట్ చాలా సంతోషిస్తాడు, ఎందుకంటే రిస్క్ మొత్తం మనది. సైట్ లైవ్‌లోకి వెళ్లిన రోజున మన 80,000కి 80,000 వాళ్ల దగ్గరే ఉంటాయి, మన చేతిలో వాట్సాప్ తప్ప ఇంకేమీ ఉండదు. ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్లకి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

అయితే ఆలస్యం చేసే ప్రతివాడూ ఎగ్గొట్టేవాడు కాదు. ఒక ఫర్నిచర్ షోరూం ఓనర్‌కి వాట్సాప్‌లో బిల్లు పంపాను, ఆయన థంబ్స్ అప్ గుర్తు పెట్టాడు, తర్వాత రెండు నెలలు ఏమీ లేదు. అడిగినప్పుడల్లా "అకౌంట్స్ వాళ్లకి చెప్పానండీ" అనేవాడు. చివరికి నేనే అకౌంటెంట్‌కి ఫోన్ చేస్తే తెలిసిందేంటంటే, ఆ బిల్లు అకౌంట్స్ దాకా వెళ్లనే లేదు. వెళ్లినా పాస్ అయ్యేది కాదు, ఎందుకంటే నేను బోర్డు మీదున్న షోరూం పేరు రాశాను, వాళ్ల లెక్కల్లో ఉన్నది ఫర్మ్ పేరు. నా పాన్ నంబర్ కూడా వేయలేదు. అన్నీ సరిచేసి అకౌంటెంట్‌కే మెయిల్ పెడితే ఐదో రోజు డబ్బు పడింది, కానీ 72,000 మాత్రమే. ఎనిమిది వేలు కొట్టేశారని మళ్లీ గొడవకి సిద్ధమయ్యాను. తీరా చూస్తే అది టీడీఎస్, ఆదాయపు పన్ను కింద 10 శాతం పట్టుకుని నా పాన్ మీద కట్టారు, తర్వాత నా పేరున జమైన పన్ను చూపే 26ASలో కనిపించింది.

అప్పటినుంచి బిల్లులో ఫర్మ్ అసలు పేరు, నా పాన్, బ్యాంకు వివరాలు, దేనికి ఎంత అన్నది వేరువేరుగా, "టీడీఎస్ పోను అందాల్సింది ఇంత" అని ఒక లైను, అన్నిటికన్నా ముఖ్యంగా తేదీ వేసి మరీ రాస్తాను. "15 రోజుల్లోపు" అని రాస్తే ఎప్పటినుంచి లెక్కపెట్టాలో ఎవరిష్టం వాళ్లది. "జూన్ 20 లోపు" అంటే ఇక వాదన లేదు.

సగం ముందు, సగం చివర్లో అన్నది రెండో పద్ధతి. మన ఊళ్లలో అందరికీ తెలిసిందే కాబట్టి అడగడం తేలిక. అడ్వాన్స్ ఇవ్వని వాడు ఎలాంటివాడో పని మొదలుకాకముందే తెలిసిపోతుంది, అదొక లాభం. చిక్కంతా మిగతా సగంతోనే. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు 40,000 టంచనుగా ఇచ్చారు, మిగతాది "సైట్ లైవ్ అయ్యాక" అని రాసుకున్నాం. సైట్ మూడు వారాల్లో రెడీ. ఫ్యాకల్టీ ఫోటోలు, కోర్సుల ఫీజు వివరాలు వాళ్లే ఇవ్వాలి. ఇవ్వలేదు. అడ్మిషన్ల సీజన్ అన్నారు, తర్వాత పరీక్షలన్నారు, సారు ఊళ్లో లేరన్నారు. ఐదు నెలలు గడిచాయి. వాళ్లు మాట తప్పారని కూడా అనలేను, ఒప్పందం ప్రకారం సైట్ లైవ్ కాలేదు కదా! తప్పు నాది, నా డబ్బుని వాళ్ల పనికి ముడిపెట్టుకున్నాను.

ఇప్పుడు నేను వాడేది మూడోది, 40, 30, 30. మొదలుపెట్టే ముందు 32,000. డిజైన్ ఓకే అయ్యాక 24,000. మొత్తం పూర్తయి నా సర్వర్ మీద డెమో చూపించాక, వాళ్ల హోస్టింగ్‌లోకి మార్చేముందు మిగిలిన 24,000. డిజైన్ అయ్యేసరికి సగం పని, అంటే 40,000 విలువైనది, చేసేసి ఉంటాననుకుంటే అప్పటికి 32,000 చేతికొచ్చి ఉంటాయి, ఇరుక్కునేది 8,000. చివర్లో ఇరుక్కునేది 24,000. మొదటి పద్ధతిలో 80,000, రెండో దాంట్లో 40,000 అని గుర్తుపెట్టుకుని చూడండి. పైగా చివరి విడత అందేదాకా సైట్ నా దగ్గరే ఉంటుంది.

అయితే ఉత్త విడతలు సరిపోవు, కోచింగ్ సెంటర్ కథే మళ్లీ నడుస్తుంది. అందుకే కొటేషన్‌లోనే రెండు లైన్లు పెడతాను: డిజైన్ పంపిన 7 రోజుల్లో జవాబు రాకపోతే ఓకే అయినట్టే లెక్క, వాళ్లివ్వాల్సిన ఫోటోలు, వివరాలు చెప్పిన తేదీకి రాకపోతే నమూనా వివరాలతోనే డెమో చూపించి చివరి బిల్లు వేస్తాను. ఈ రెండూ మొదట్లో చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. గొడవ మొదలయ్యాక చెబితే మాత్రం బెదిరింపులా వినిపిస్తుంది.

మరి రిమైండర్ల సంగతి? అవి మర్చిపోయిన వాళ్ల మీదే పనిచేస్తాయి, ఇవ్వకూడదనుకున్న వాళ్ల మీద కాదు. గడువుకి మూడు రోజుల ముందు ఒకటి, గడువు దాటిన మర్నాడు ఒకటి, వారం తర్వాత ఫోన్. నా మెసేజ్ ఇలా ఉంటుంది: "సార్, నమస్తే. డిజైన్ విడత బిల్లు 24,000 నిన్నటితో గడువు దాటింది, కాపీ మళ్లీ పంపుతున్నాను. ఏ రోజు వేయగలరో చెబితే తర్వాతి పని ఆ రోజు నుంచి పెట్టుకుంటాను." కష్టాలు చెప్పుకోవడం, ఇంటి అద్దె కట్టాలనడం మానేశాను. ఏ రోజు అని అడిగితే ఏదో ఒక తేదీ చెప్పక తప్పదు, పని ఆగుతుందన్న సంగతీ అందులోనే తెలుస్తుంది. మొదటి పద్ధతిలో ఈ మెసేజ్ పంపినా ఉపయోగం లేదు, ఆపడానికి పనేదీ మిగలదు కదా.

జీఎస్టీ ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. సర్వీసులకి అడ్వాన్స్ అందినా టాక్స్ లెక్కలోకి వస్తుంది, బిల్లు వేసినా వస్తుంది, రెంటిలో ఏది ముందైతే అది. 80,000 బిల్లు మీద 18 శాతం అంటే 14,400. క్లయింట్ నాలుగు నెలలు తిప్పుకున్నా అది మాత్రం మన జేబులోంచి వెళ్లిపోతుంది. అందుకే అడ్వాన్స్ అడిగేటప్పుడు టాక్స్ ఇన్వాయిస్ కాకుండా ప్రొఫార్మా, అంటే టాక్స్ లెక్కలోకి రాని ముందస్తు బిల్లు, పంపడం మంచిది.

పది వేల లోపు పనికి ఈ విడతల తతంగం దండగ, మొత్తం ముందే తీసుకోండి. పెద్ద కంపెనీలైతే అడ్వాన్స్ అంటే నవ్వుతారు. అక్కడ పర్చేజ్ ఆర్డర్ నంబర్ వేసిన సరైన బిల్లు, అకౌంట్స్‌లో ఒక మనిషి పరిచయం, ఇవే దిక్కు. వాళ్లతో పనిచేసే ఉద్దేశం ఉంటే ముందే చిన్న సంస్థగా ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితమే. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది, దాటితే చక్రవడ్డీ కూడా. ఫిర్యాదు దాకా వెళ్తే ఆ క్లయింట్ మళ్లీ ఫోన్ చేయడు, అది తెలిసే వెళ్లాలి. నేనైతే ఇప్పటిదాకా ఫిర్యాదు పెట్టలేదు, బిల్లు అడుగున ఉద్యమ్ నంబర్ మాత్రం వేస్తున్నాను. అది చూసిన అకౌంటెంట్లు గడువెప్పుడని వాళ్లే అడుగుతున్నారు.