పాత మాటలు వదిలేయడమా, కుదించడమా?

భాషా మోడల్‌కు సంభాషణ విడిగా గుర్తుండదు. ప్రతి జవాబుకూ ముందు అప్పటిదాకా సాగిన చాట్ మొత్తాన్ని మళ్లీ దానికి చూపించాలి. చూపించగలిగినంత మేరే కాంటెక్స్ట్ విండో.

మోడల్ మాటలను టోకెన్లనే చిన్న ముక్కలుగా చదువుతుంది. విండో 8,000 టోకెన్లనుకుందాం. ప్రతిసారీ చాట్‌తో పాటు వెళ్లే యాప్ సూచనలకు 500, రాబోయే జవాబుకు 1,000 పక్కన పెడితే మిగిలేది 6,500. ఒక్కో ప్రశ్న, జవాబు కలిపి 500 టోకెన్లయితే 13 జతలతో అది నిండిపోతుంది. తెలుగులో ఇంకా ముందే నిండొచ్చు, ఎందుకంటే చాలా మోడళ్లు తెలుగు పదాన్ని ఎక్కువ ముక్కలు చేస్తాయి.

నిండాక రెండు దారులున్నాయి. మొదటి దారి, పాతవి వదిలేయడం. మొదటి మెసేజ్‌లో మీరు "కోడ్ పైథాన్ 3.8లో నడవాలి" అన్నారు. 14వ ప్రశ్నకు ఆ మెసేజ్ జారిపోతుంది. మోడల్ నిశ్చింతగా `match` వాడి కోడ్ ఇస్తుంది. అది 3.10లో వచ్చింది కాబట్టి మీ దగ్గర సింటాక్స్ ఎర్రర్. మర్చిపోయానని మోడల్ చెప్పదు, మర్చిపోయిన సంగతే దానికి తెలియదు. అనుమానముంటే "నేను మొదట పెట్టిన షరతు ఏంటి?" అని అడిగి చూడండి. తప్పు చెప్పినా, కొత్తది కల్పించినా విషయం తేలిపోతుంది.

రెండోది, పాత భాగాన్ని ఓ 600 టోకెన్ల సారాంశంగా మార్చడం. షరతు సాధారణంగా నిలుస్తుంది. పోయేవి వేరియబుల్ పేర్లు, ఎర్రర్ మెసేజ్‌లోని అసలు మాటలు. సారాంశానికి మళ్లీ సారాంశం తీసినకొద్దీ ఇంకా అరిగిపోతుంది.

కబుర్లకు మొదటిది చాలు. కోడ్ పనికి నేను రెండోదే ఎంచుకుంటాను, షరతులను మాత్రం సారాంశానికి వదలకుండా యాప్ సూచనల్లోనే పెడతాను.