వలస పక్షికి దారి చూపేది ఏది: నక్షత్రాలా, భూమి అయస్కాంతమా, కింద కనిపించే గుర్తులా?

చలికాలం మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. పులికాట్‌లో ఫ్లెమింగోల ఫొటో చూపించినా, జొన్న చేల మీద గులాబీ గోరింకల గుంపు గురించి చెప్పినా, "అంత దూరం నుంచి దారి ఎలా తెలుస్తుందండీ, నక్షత్రాలు చూసా, లేక మాగ్నెట్‌తోనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అన్నీ వాడతాయి అని చెప్పి తప్పించుకోవచ్చు, అది నిజమే కూడా, కానీ అడిగినవాళ్ళకి అది సమాధానం కాదు. ఒక్కటే ఎంచుకోమంటే నేను భూమి అయస్కాంతానికే ఓటు వేస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు నక్షత్రాల గురించి చెప్పాలి, ఎందుకంటే వాటి కేసు కూడా చాలా గట్టిదే.

రాత్రిపూట వలసెళ్ళే పిట్టని ఆ సీజన్లో పంజరంలో పెడితే అది నిద్రపోదు, ఎటు వెళ్ళాలో అటువైపే గెంతుతూ ఉంటుంది. 1960ల్లో అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ ఈ గెంతుడినే కొలిచాడు. గరాటు ఆకారంలో పంజరం, అడుగున ఇంకు ప్యాడ్, చుట్టూ ఏటవాలు గోడకి కాగితం. పిట్ట గెంతినప్పుడల్లా ఇంకు కాళ్ళ ముద్రలు కాగితం మీద పడతాయి, తెల్లారాక ఎటువైపు మరకలు దట్టంగా ఉన్నాయో చూస్తే పిట్ట ఎటు వెళ్ళాలనుకుందో తెలిసిపోతుంది. ఆయన వాడింది ఇండిగో బంటింగ్ అనే చిన్న నీలి పిట్టని, అది శరదృతువులో అమెరికా తూర్పు ప్రాంతం నుంచి మెక్సికో, మధ్య అమెరికా వైపు పోతుంది.

చేత్తో పెంచిన పిల్లల్ని మూడు గుంపులు చేసి ప్లానెటేరియంలో పరీక్షించాడు. అసలు ఆకాశమే చూపించకుండా పెంచినవాటికి దిక్కే తెలియలేదు. ధ్రువ నక్షత్రం చుట్టూ తిరిగే మామూలు ఆకాశం చూసినవి దానికి ఎదురుగా, అంటే దక్షిణం వైపు గెంతాయి. మూడో గుంపుకి మాత్రం ఆర్ద్రా నక్షత్రం కేంద్రంగా తిరిగే ఆకాశం చూపించాడు, అవి పెద్దయ్యాక ఆర్ద్రకి ఎదురువైపు గెంతాయి! అంటే పిట్టకి నక్షత్రాల మ్యాప్ పుట్టుకతో రాదు, ఆకాశంలో ఏ చోటు కదలకుండా ఉందో గూడు వదిలిన మొదటి వారాల్లోనే చూసి నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకుంటే గంట ఎంతయిందో తెలియకపోయినా పర్లేదు, ధ్రువం చుట్టూ ఉన్న నక్షత్రాలు కొన్ని కనిపించినా సరిపోతుంది. మబ్బు పట్టిన రాత్రుల్లో పనికిరాదు అనేది దీని మీద అందరూ చెప్పే కంప్లైంట్. నాకు దాని మీద అంత పట్టింపు లేదు, మబ్బు ఎక్కువుంటే చాలా పిట్టలు ఆ రాత్రి బయల్దేరవు, ఆగిపోతాయి.

ఇక అయస్కాంతం. మన చేతిలో కంపాస్ ఉత్తరం వైపు చూపిస్తుంది కదా, పిట్టలో ఉన్నది అలాంటిది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వోల్ఫ్‌గాంగ్ విల్చ్‌కో, రోస్విథా విల్చ్‌కో యూరప్ రాబిన్ల మీద చేసిన ప్రయోగాల్లో, 1972లో, ఇది తేలింది. తీగ చుట్టల్లో కరెంటు పంపించి పంజరం చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని మార్చారు. సూది చూపే ఉత్తర దక్షిణాలు మాత్రమే కాకుండా క్షేత్రం నేలలోకి వంగే కోణాన్ని కూడా తలకిందులు చేస్తే పిట్ట ఏమీ మారనట్టే ఉంది, కోణం ఒక్కటే తలకిందులు చేస్తే మాత్రం పూర్తిగా ఎదురువైపు తిరిగింది. అంటే అది చదివేది క్షేత్ర రేఖలు ఎంత వాలుగా ఉన్నాయి, ఎటువైపు కిందకి దిగుతున్నాయి అన్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ వాలు అరవై డిగ్రీల పైనే ఉంటుంది, హైదరాబాద్‌లో ఇరవై పైచిలుకు, తిరునల్వేలి దగ్గరికి వచ్చేసరికి దాదాపు అడ్డంగా పడుకుంటుంది. అలా పడుకున్న చోట ఈ కంపాస్ ఏ వైపూ చెప్పలేదు, అది దీని మొదటి లోపం. ఇంకోటి, ఇది పనిచెయ్యడానికి వెలుతురు కావాలి. నీలి, ఆకుపచ్చ వెలుగులో సరిగ్గా ఉన్న రాబిన్లు ఎర్ర వెలుగులో తికమకపడ్డాయి, అందుకే కంటి రెటీనాలో ఉండే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ మీద అందరికీ అనుమానం.

ఇక్కడివరకు చూస్తే రెండూ సరిసమానం, రెండూ దిక్కు చెప్తాయి, రెండింటికీ లోపాలున్నాయి. నా లెక్కలో తేడా పడేది దిక్కు దగ్గర కాదు. పిట్టకి గాలి వల్లో తుఫాను వల్లో దారి తప్పిందనుకోండి, అప్పుడు ఉత్తరం ఎటో తెలిసి ఏం లాభం? తనిప్పుడు ఎక్కడుందో తెలియాలి. దీన్ని బయటపెట్టింది 1958లో పెర్డెక్ అనే పక్షి శాస్త్రవేత్త ప్రచురించిన పని. శరదృతువులో నెదర్లాండ్స్‌లో హేగ్ దగ్గర వలసలో ఉన్న పదకొండు వేలకు పైగా గోరింక జాతి పక్షుల్ని, అంటే యూరప్ స్టార్లింగ్‌లని, పట్టుకుని కాలికి రింగులు వేసి విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్ళి వదిలారు. మామూలుగా అవి ఉత్తర ఫ్రాన్స్, దక్షిణ ఇంగ్లండ్ వైపు పోవాలి. ఇంతకుముందు ఆ దారి చూసిన పెద్ద పక్షులు వాయవ్యం పట్టుకుని తిన్నగా అక్కడికే చేరాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు మాత్రం ఏం జరగనట్టే పాత దిక్కులోనే ఎగిరి దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్‌లో తేలాయి. పిల్లల దగ్గర కంపాస్ ఉంది, పెద్దవాటి దగ్గర కంపాస్‌తో పాటు మ్యాప్ కూడా ఉంది.

మరి ఆ మ్యాప్ దేనితో తయారైంది? నక్షత్రాలతో అయితే కుదరదని నా ఉద్దేశం. ధ్రువ నక్షత్రం ఎత్తు బట్టి ఉత్తర దక్షిణాల్లో ఎంత దూరంలో ఉన్నామో కొంత తెలియొచ్చు గానీ, తూర్పు పడమరలు తెలియాలంటే మనుషులకి కూడా కచ్చితమైన గడియారం కావాల్సొచ్చింది. పిట్టకి అలాంటి గడియారం ఉందన్నదానికి ఆధారం లేదు. అయస్కాంతం దగ్గర అయితే చోటుచోటుకీ క్షేత్రం బలం మారుతుంది, వాలు మారుతుంది, అసలు ఉత్తరానికీ సూది ఉత్తరానికీ మధ్య తేడా మారుతుంది. వీటిని కలిపి చదివితే చోటు తెలుసుకోవచ్చు.

ఇది ఊహ కాదని చూపించింది బాల్టిక్ ఒడ్డున ఉన్న రష్యా ఊరు రీబాచీలో జరిగిన పని. రెల్లు పొదల్లో గూడు కట్టే రీడ్ వార్బ్లర్ అనే పిట్ట వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చి అక్కడినుంచి ఈశాన్యంగా వెళ్తుంది. వాటిని పట్టుకుని నిజంగానే వెయ్యి కిలోమీటర్లు తూర్పున, మాస్కో దగ్గరి జ్వెనిగొరోద్‌కి తీసుకెళ్తే అవి వాయవ్యం వైపు తిరిగాయి, అంటే తూర్పుకి ఎక్కువ వచ్చేశామని గ్రహించి సరిచేసుకున్నాయి. తర్వాత కిష్కినెవ్ అనే పరిశోధకుడి టీమ్ అసలు పిట్టని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. రీబాచీలోనే, ఆరుబయట, అదే సూర్యుడు, అవే నక్షత్రాలు, అదే సముద్రపు వాసన, కానీ పంజరం చుట్టూ ఉన్న తీగ చుట్టల్లో జ్వెనిగొరోద్ క్షేత్రాన్ని పెట్టారు. 2015లో వచ్చిన ఫలితం ఏంటంటే పిట్టలు మళ్ళీ వాయవ్యానికే తిరిగాయి! మిగతావన్నీ నువ్వు రీబాచీలోనే ఉన్నావని చెప్తుంటే పిట్ట అయస్కాంతం మాట విని వెయ్యి కిలోమీటర్లు తూర్పున ఉన్నాననుకుంది. ఇంకో సంగతి, ముక్కు పై భాగం నుంచి మెదడుకి వెళ్ళే ట్రైజెమినల్ నరం కొమ్మని కోసి నిజంగా తూర్పుకి తీసుకెళ్తే దిక్కు మాత్రం పోలేదు, పాత ఈశాన్యమే పట్టాయి, చోటు సరిచేసుకోవడమే పోయింది. కంపాస్ కంటిలో, మ్యాప్ సమాచారం ఈ నరం దారిలో, రెండూ వేరువేరు ఏర్పాట్లు అన్నమాట. నా ఓటుకి ఇదొక్కటీ చాలు.

ఈ మ్యాప్ మరీ కచ్చితంగా ఉండదు, అది ఒప్పుకోవాలి. క్షేత్రం బలం ఉత్తర దక్షిణాల్లో వంద కిలోమీటర్లకి ఏ మూడు వందల నానోటెస్లాలో మారుతుంది, మొత్తం బలం యాభై వేల దాకా ఉంటుంది, అంటే మార్పు ఒక శాతం కంటే తక్కువ. పైగా సూర్యుడి ప్రభావంతో పగలు కాసేపు అది పదుల నానోటెస్లాలు అటూఇటూ ఊగుతూ ఉంటుంది, అదే పది కిలోమీటర్ల తప్పుకి సమానం. కాబట్టి దీంతో పోయిన ఏడాది గూడు కట్టిన చెట్టు దొరకదు, ఆ జిల్లా దొరుకుతుంది.

చివరి ఆ కాసింత దూరానికే నది వంపులు, కొండలు, తీరం లాంటి కింది గుర్తులు. పగలు ఎగిరే కొంగలకి, క్రేన్‌లకి ఇవి బాగా అక్కరకొస్తాయి, పెద్దవాటి వెనకాల ఎగిరి పిల్లలు నేర్చుకుంటాయి కూడా. కానీ యూరప్ కోయిల పిల్ల సంగతేంటి? వేరే పిట్ట గూట్లో పెరుగుతుంది, కన్నవాళ్ళని చూడదు, వాళ్ళు వెళ్ళిపోయిన కొన్ని వారాలకి ఒంటరిగా బయల్దేరి ఆఫ్రికా చేరుతుంది. దానికి ఏ కొండా ఎవరూ చూపించలేదు. వాసన కూడా ఉంది, సముద్ర పక్షుల్లో దాని పాత్ర గట్టిదే, నేల పక్షుల వరకు దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవట్లేదు.

ఇక రెండు గుర్తులు రెండు వైపులు చూపిస్తే ఎవరి మాట వింటుంది అని అడుగుతారు, అది మంచి ప్రశ్న. 2004లో కాక్రన్, మౌరిట్సెన్, వికెల్స్కీ అమెరికాలో ఇల్లినాయ్‌లో థ్రష్ పక్షులకి చిన్న రేడియో కట్టి, పొద్దుగూకే వేళ క్షేత్రాన్ని తూర్పు వైపు తిప్పి ఉంచి, చీకటి పడ్డాక వదిలారు. వసంతంలో ఉత్తరం పోవాల్సినవి ఆ రాత్రి పడమర ఎగిరాయి, వెనకాల కారులో వీళ్ళు. ఎందుకంటే సూర్యుడు దిగిన చోటుని చూసి తమ కంపాస్‌ని దానికి సర్దుకున్నాయి, సర్దుకున్నప్పుడు కంపాస్ తిప్పి ఉంది, బయటికొచ్చాక అసలు క్షేత్రంలో అదే లెక్క వాడాయి. మర్నాడు సాయంత్రం మామూలు సూర్యాస్తమయం చూశాక మళ్ళీ ఉత్తరం పట్టాయి. అంటే వాటికి మాగ్నెట్ మీద పెద్దరికం సూర్యాస్తమయానిది, నక్షత్రాలది కాదు, ఎగురుతున్నంతసేపూ పట్టుకుని పోయింది మాత్రం మాగ్నెట్‌నే. అన్ని జాతులూ ఇలా కాదు, బాల్టిక్ తీరంలో సాంగ్ థ్రష్‌ల మీద ఇదే పద్ధతిలో చేసి చూస్తే అవి సూర్యాస్తమయంతో కంపాస్‌ని సర్దుకోలేదు, 2011లో ప్రచురించారు.