అప్పు తెచ్చిన ఈఎస్‌సీ బిగించడమా, ఓపిగ్గా తప్పు వెతకడమా: డ్రోన్ రిపేరులో ఏది మేలు?

పిచికారీ డ్రోన్ గాల్లో ఒక మూలకి కుంగిపోతోందని చెప్పేవాళ్లంతా చివరికి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం, దొరికితే తెచ్చి బిగించేయడం మేలా, లేక ముందు కొలతలు తీసుకుని, తప్పు ఎక్కడుందో తేలాక చేయి పెట్టడం మేలా? రెండు పద్ధతులతోనూ డ్రోన్లు బాగవుతాయి. నా మొగ్గు మాత్రం రెండోదానికే. ఎందుకో చెప్పడానికి ఈమధ్య ఒక ఊరి మెకానిక్ పక్కన కూర్చుని చూసిన రిపేరే సరైన ఉదాహరణ.

అది పది లీటర్ల ట్యాంకున్న ఆరు ఆర్మ్‌ల డ్రోన్, 12ఎస్ అంటే పన్నెండు సెల్‌ల బ్యాటరీ. ఖాళీ ట్యాంకుతో చక్కగా ఎగురుతుంది. నిండా మందు పోసి లేపితే కొద్ది నిమిషాలకి ఒక మూల దిగజారి, పక్కకి తిరిగిపోతుంది. రైతు అప్పటికే పక్క ఊళ్లో కూలిన డ్రోన్ నుంచి అదే రకం ఈఎస్‌సీ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. బిగిస్తే అయిపోతుందని ఆయన నమ్మకం.

మెకానిక్ ముందు లాగ్, అంటే ఎగిరినప్పుడు డ్రోన్ దాచుకున్న రికార్డు, తెరిచాడు. గాల్లో నిలబడి ఉన్నప్పుడు మిగతా మోటార్లకి డ్రోన్‌లోని ఫ్లైట్ కంట్రోలర్ ఇస్తున్న విలువ 1550 దగ్గర ఉంటే, నాలుగో మోటారుకి ఇచ్చే RCOU.C4 మాత్రం 1850 దాటింది. అంటే కంట్రోలర్ ఎంత గట్టిగా అడిగినా నాలుగో మోటారు ఎత్తాల్సినంత ఎత్తడం లేదు. లాగ్ చెప్పేది అంతవరకే. తప్పు రెక్కదా, మోటారుదా, ఈఎస్‌సీదా, వైరుదా అన్నది దానికి తెలియదు. రెక్కని వేరే ఆర్మ్‌ది పెట్టి చూశారు. ఆరు ఆర్మ్‌ల డ్రోన్‌లో పక్క మోటారు ఎదురు దిక్కుకి తిరుగుతుంది కాబట్టి ఒక ఆర్మ్ వదిలి ఆ తర్వాతి దాని రెక్కే సరిపోతుంది. మార్పేమీ లేదు.

ఇక డ్రోన్‌ని బరువైన ఇనప స్టాండుకి కదలకుండా బిగించి, నాలుగో ఆర్మ్‌కి ఒక్కదానికే రెక్క ఉంచి, మిగతావన్నీ తీసేశాడు. దూరంగా నిలబడి Mission Planner అనే డ్రోన్ సాఫ్ట్‌వేర్‌లోని Motor Test నుంచి సగం థ్రాటిల్‌లో తిప్పాడు. (అక్కడి బటన్ల మీద ఉండే A, B, C అక్షరాలు సవ్యదిశలో ఆర్మ్‌ల వరుస, మోటారు నంబర్లు కావు. D అంటే నాలుగో మోటారే అనుకుని తప్పు ఆర్మ్‌ని పరీక్షించేవాళ్లు చాలామంది ఉన్నారు.) కొన్ని నిమిషాలకి గరగర శబ్దం మొదలై, రెక్క వేగం తడబడింది. తప్పు నేలమీదే దొరికింది. బరువు మోస్తూ వేడెక్కితేనే బయటపడే తప్పు కాబట్టి రెక్క లేకుండా రెండు సెకన్లు తిప్పి బాగుందనుకుంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

అప్పుడు అరువు ఈఎస్‌సీ పెట్టాడు. పెట్టేముందు ఒక జాగ్రత్త తీసుకున్నాడు. మోటారు వైండింగ్ షార్ట్ అయి ఉంటే కొత్త ఈఎస్‌సీ కూడా కాలిపోతుంది, అదీ పరాయివాళ్ల సొత్తు. అందుకే మోటారుని ఈఎస్‌సీకి కలిపే మూడు ఫేజ్ వైర్లకీ మోటారు బాడీకీ మధ్య కంటిన్యుటీ లేదని మల్టీమీటర్‌తో చూసుకున్నాడు. వైర్లు దేనికీ తగలకుండా విడిగా పట్టుకుని మోటారుని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. తర్వాత మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ పాజిటివ్ వైరులో రెండు 24 వోల్టుల లారీ బల్బుల్ని సిరీస్‌లో కలిపాడు. అవి ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. షార్ట్ ఉంటే వెలుగుతూనే ఉండేవి. తిప్పడానికి బల్బులు తీసేసి, బ్యాటరీ ఇంతకుముందంత ఛార్జి ఉండేలా చూసుకుని, అదే థ్రాటిల్‌లో అంతే సేపు నడిపాడు. శబ్దం లేదు, తడబాటు లేదు.

"తేలిపోయిందిగా తమ్ముడూ, పాతది పోయింది" అన్నాడు రైతు.

"ఒక్కసారి పాతది మళ్లీ పెట్టి చూద్దాం బాబాయ్" అన్నాడు మెకానిక్.

పాత ఈఎస్‌సీ పెట్టి తిప్పితే అది కూడా నిక్షేపంగా నడిచింది!

రెండు పద్ధతులకీ అసలు తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. భాగం మార్చాలంటే కనెక్టర్లు ఊడదీసి మళ్లీ గుచ్చాలి. లోపం కనెక్టర్‌లోనే ఉంటే ఆ ఊడదీయడంలోనే కొంత మసి రాలి తాత్కాలికంగా బాగైపోతుంది. పేరు మాత్రం కొత్త భాగానికి వస్తుంది. రైతు నేరుగా పొలానికి వెళ్లి ఉంటే కొన్నాళ్లకి మళ్లీ అదే మూల కుంగేది, నిండు ట్యాంకుతో, పంట మీద.

అరువు భాగం కన్నా ముందు సొంత డ్రోన్‌లోనే రెండు ఆర్మ్‌ల ఈఎస్‌సీలు అటూ ఇటూ మార్చుకోవడం నాకు ఇంకా నచ్చుతుంది. తప్పు ఈఎస్‌సీతో పాటు కొత్త ఆర్మ్‌కి వెళ్తే ఈఎస్‌సీది. అక్కడే ఉండిపోతే మోటారుది, లేదా ఆ ఆర్మ్ వైరింగ్‌ది. రెండుచోట్లా మాయమైతే అతుకుది. అరువు భాగంతో అయితే పాతది తిరిగి పెట్టేదాకా ఈ మూడో జవాబు బయటికి రాదు.

ఈ డ్రోన్‌లో జవాబు అతుకే. మోటారుకీ ఈఎస్‌సీకీ మధ్య ఉన్న మూడు బుల్లెట్ కనెక్టర్ల మీది ష్రింక్ ట్యూబు కోస్తే, ఒకదాని మీద మందు చేరి ఆకుపచ్చగా పట్టిన పొర కనిపించింది. కంటికి కనిపించినంత మాత్రాన ఆయన ఆగలేదు. డ్రోన్ బ్యాటరీ తీసేసి, రేడియోలు బాగుచేసే స్నేహితుడి పవర్ సప్లై అడిగి తెచ్చి, కరెంటు హద్దు 5 ఆంపియర్లకి పెట్టాడు. ఒక్కో కనెక్టర్‌కి రెండు పక్కలా క్లిప్పులు పెట్టి, వాటికి లోపలి వైపున మీటరు ముళ్లతో మిల్లీవోల్టులు చదివాడు. మంచి అతుకులు రెండూ 5 మిల్లీవోల్టుల లోపే చూపాయి. మూడోది 30 దగ్గర మొదలై, వైరుని కాస్త కదిపితే 300కి ఎగిరింది. 5 ఆంపియర్ల దగ్గర 300 మిల్లీవోల్టులంటే 60 మిల్లీఓములు. 20 ఆంపియర్లు పారితే ఆ చిన్న అతుకులో 24 వాట్ల వేడి పుడుతుంది. వేడికి పట్టు ఇంకా సడలుతుంది, ఒక ఫేజ్ బలహీనమై మోటారు లయ తప్పుతుంది. మామూలు ఓమ్ మీటరు ఇంత చిన్న నిరోధాన్ని నమ్మకంగా చూపలేదు, బల్బు పరీక్ష కూడా పట్టుకోలేదు. అందుకే కరెంటు పంపి కొలవడం.

కూలిన డ్రోన్ మిగులు నుంచి ఒక జత బుల్లెట్లు అడిగి తీసుకుని, మసిబారిన వైరు కొసని మెరిసే రాగి కనిపించేదాకా కోసి, సోల్డర్ చేసి, జిగురున్న ష్రింక్ ట్యూబు తొడిగాడు. మళ్లీ కొలిస్తే 4 మిల్లీవోల్టులు, కదిపినా అంతే. స్టాండు మీద ముందటి పరీక్షే ఇంకోసారి చేశాక, ట్యాంకు నిండా మంచినీళ్లు పోసి, ఖాళీ పొలంలో తక్కువ ఎత్తులో నీళ్లు అయిపోయేదాకా ఎగరేశాడు. లాగ్‌లో నాలుగోది మిగతావాటి వరుసలోకి వచ్చింది. అరువు ఈఎస్‌సీ చెక్కుచెదరకుండా వెనక్కి వెళ్లింది.

తెచ్చి బిగించడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. ఈఎస్‌సీ కాలిన వాసన వస్తూ, బ్యాటరీ తీసేశాక ఫేజ్ వైరుకీ బ్యాటరీ వైరుకీ మధ్య మీటరు సున్నా చూపిస్తుంటే ఇంక పరిశోధన అక్కర్లేదు, పై జాగ్రత్తలతో మార్చేయండి. అప్పుడు కూడా అరువు ఈఎస్‌సీ అదే సెల్‌ల సంఖ్యకి పనికొచ్చేదై ఉండాలి. మోటారు తెస్తే అదే కేవీ, అంటే వోల్టుకి తిరిగే వేగం, అదే సైజు రెక్క ఉండాలి.

వారంటీ ఉన్నవీ, ఆర్మ్ విరిగినవీ సర్వీసుకి పంపడమే మంచిది. ఈఎస్‌సీ బోర్డు మీద కరెంటుని స్విచ్ చేసే మాస్‌ఫెట్ మార్చి వాడటాన్ని మాత్రం మనిషి దగ్గర్లో ఎగిరే డ్రోన్‌కి నేను సిఫారసు చేయను.