టీ ఫ్లాస్కుకి వంటసోడానా, నిమ్మరసమా?

మా అరలీటరు స్టీలు ఫ్లాస్కు అడుగున టీ మరక గోధుమరంగు పొరలా పట్టేసింది. ముందు నిమ్మరసం వేసి అరగంట ఉంచాను. బోరు నీళ్ల తెల్లటి పొర పోయింది కానీ టీ మరక మాత్రం అలాగే ఉంది.

తర్వాత రెండు చెంచాల వంటసోడా వేసి, మరిగే నీళ్లు నిండా పోసి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలేశాను. పొద్దున బాటిల్ బ్రష్ తిప్పితే మరక పొరలుగా ఊడొచ్చింది. టీ మరకకైతే నా ఓటు సోడాకే. రెండూ కలిపితే నురగ తప్ప లాభం లేదు, ఒకదాన్నొకటి విరిచేస్తాయి.

అయినా వాసన పోలేదు! చూస్తే మూతలోని రబ్బరు వాషర్ కింద జిగురు. దాన్ని స్పూను కాడతో పైకి లేపి, సోడా నీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరాకే బిగించాను.