విచ్, దట్, హూ, హూమ్: ఎక్కడ ఏది మేలు?

తెలుగులో "గుంటూరులో ఉండే మా అన్నయ్య డాక్టరు" అంటాం. అన్నయ్యలు ఇద్దరు ముగ్గురు ఉండగా వారిలో ఒకరిని ఏరి చూపుతున్నామా, లేక ఉన్న ఒక్క అన్నయ్య గురించి అదనంగా ఒక మాట చెబుతున్నామా అన్నది "ఉండే" అనే పదాన్ని బట్టి తెలియదు. ఇంగ్లీషులో దాన్ని తేల్చేది కామా. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గుంటూర్ ఈజ్ ఎ డాక్టర్" అని కామా లేకుండా రాస్తే అన్నయ్యలు ఇంకా ఉన్నారని, "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ గుంటూర్, ఈజ్ ఎ డాక్టర్" అని రెండు వైపులా కామాలు పెడితే ఉన్నది ఒక్కరేనని చదువరి గ్రహిస్తాడు. కాబట్టి ఏ పదం వాడాలన్న ప్రశ్న కంటే ముందు, ఆ ఉపవాక్యాన్ని తీసేస్తే ఎవరి గురించి, దేని గురించి మాట్లాడుతున్నామో ఇంకా తెలుస్తుందా అని చూసుకోవాలి. తెలియకపోతే అది నిర్వచించే ఉపవాక్యం. దానికి కామా ఉండదు.

విచ్, దట్‌ల మధ్య ఎంపిక ఆ తరువాతే వస్తుంది. "ది ఫైల్స్ దట్ గాట్ వెట్ వర్ రీప్లేస్డ్" అంటే తడిసిన ఫైళ్లను మాత్రమే మార్చారు. "ది ఫైల్స్, విచ్ గాట్ వెట్, వర్ రీప్లేస్డ్" అంటే ఫైళ్లన్నీ తడిశాయి, అన్నింటినీ మార్చారు. బిల్లు చెల్లించే కార్యాలయానికి ఈ తేడా చిన్నదేమీ కాదు. కామా తరువాత ఇలా అదనపు సమాచారం చెప్పేచోట దట్ వాడరాదు. కామా లేనిచోట మాత్రం బ్రిటిష్ ఇంగ్లీషులో విచ్, దట్ రెండూ చెల్లుతాయి. అక్కడ దట్‌నే వాడితే బాగుంటుందని ఇంగ్లీషు వాడుక గురించి పుస్తకం రాసిన హెన్రీ ఫౌలర్ 1926లో సూచించాడు. అమెరికా సంపాదకులు చాలామంది ఆ సూచనను నియమంగా పాటిస్తారు. చదివేది ఎవరో తెలియనప్పుడు దట్ రాయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దాన్ని ఎవరూ తప్పుపట్టరు. మనుషుల విషయంలో దట్ తప్పు కాకపోయినా, రాతలో హూ మర్యాదగా ఉంటుంది.

మన భాషే మనల్ని దారి తప్పించేది హూమ్ దగ్గర. "మేము నిజాయితీపరుడని నమ్మిన అధికారి" అన్నప్పుడు అధికారిని నమ్మాం కదా అనిపించి, "ది ఆఫీసర్ హూమ్ వుయ్ బిలీవ్డ్ వాజ్ ఆనెస్ట్" అని రాసేస్తాం. ఉపవాక్యాన్ని విడదీస్తే "వుయ్ బిలీవ్డ్ హీ వాజ్ ఆనెస్ట్" అవుతుంది; అక్కడ ఉన్నది హిమ్ కాదు, హీ, కాబట్టి హూ సరైనది. అదే "వుయ్ ట్రస్టెడ్ హిమ్" అయితే "ది ఆఫీసర్ హూమ్ వుయ్ ట్రస్టెడ్" అనవచ్చు. మాటల్లో ఇక్కడ కూడా హూ అనేస్తారు, లేదా ఏ పదమూ లేకుండా వదిలేస్తారు. టు, విత్ వంటి పదాల వెంటనే వచ్చేచోట మాత్రం హూమ్ తప్పదు.

హూజ్ మనుషులకే పరిమితమన్న అనుమానం అక్కర్లేదు. "కప్పు కూలిన ఇల్లు" అనడానికి "ది హౌస్ హూజ్ రూఫ్ కొలాప్స్డ్" అనవచ్చు. "ది హౌస్ ది రూఫ్ ఆఫ్ విచ్ కొలాప్స్డ్" కన్నా అదే చదవడానికి సాఫీగా ఉంటుంది.